తెలుగులో 'లేదు' ఎక్కడ పడితే ఇంగ్లిష్‌లో ఇన్వర్షన్ అక్కడ

(అడ్వాన్స్‌డ్ గ్రామర్ పేపర్లు రాసేవారి కోసం ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బోర్డు మీద రాసిన వాక్యం చూడండి. "హి హార్డ్లీ ఎవర్ విజిట్స్ అజ్." తెలుగులో చెప్పాలంటే, అతను ఎప్పుడో గాని మా ఇంటికి రాడు.

ఈ ఒక్క వాక్యం మీద పేపర్లో మూడు రకాల ప్రశ్నలు రావచ్చు. చివర ట్యాగ్ పెట్టమంటారు. జవాబు "డజ్ హి?" అని వస్తుంది. లేదా "హార్డ్లీ ఎవర్" అనే మాటను ముందుకు తెచ్చి వాక్యం తిరగరాయమంటారు. అప్పుడు "హార్డ్లీ ఎవర్ డజ్ హి విజిట్ అజ్" అవుతుంది. లేదా అసలు సంగతిని ప్రశ్నగా అడగమంటారు. అది "డజ్ హి విజిట్ యు?" మూడింటిలోనూ ఉన్న రెండు మాటలు గమనించండి: "డజ్ హి". ముందు సహాయక క్రియ, దాని వెంటనే కర్త. పుస్తకాల్లో ఈ మూడూ మూడు వేరే అధ్యాయాలు కాబట్టి మనం మూడు సార్లు వేర్వేరుగా బట్టీ పడతాం. పని మాత్రం ఒకటే.

తేడా ఎక్కడుందంటే, ప్రశ్నకు మామూలుగా ఈ తిరగేత కావాలి. ట్యాగ్‌లోనూ ఇన్వర్షన్‌లోనూ మాత్రం ఇంకో సంగతి తేల్చుకోవాలి. ఆ వాక్యం నెగటివా, పాజిటివా? "హార్డ్లీ"లో "నాట్" కనబడదు. అందుకే చాలామంది "హి హార్డ్లీ ఎవర్ విజిట్స్ అజ్, డజంట్ హి?" అని రాసి మార్కు పోగొట్టుకుంటారు. కంటికి పాజిటివ్‌లా ఉన్నా వాక్యం లోపల నెగటివ్. దాన్ని ఎలా కనిపెట్టాలి అన్నదే ఈ రోజు చెప్పదలచుకున్నది.

కనిపెట్టే సాధనం మన భాషలోనే ఉంది. ఇంగ్లిష్ క్రియలో నెగటివ్ కలిసిపోదు, పక్కన "నాట్" వచ్చి నిలబడుతుంది. తెలుగు క్రియ అలా కాదు. వస్తాడు, రాడు. చదువుతుంది, చదవదు. చూశాను, చూడలేదు. నెగటివ్ క్రియలోకే దిగిపోతుంది, దాచడానికి వీలుండదు. కాబట్టి ఇంగ్లిష్ వాక్యాన్ని సహజమైన తెలుగులోకి మార్చి, ప్రధాన క్రియ ఎలా ముగిసిందో చూస్తే చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఒక జాగ్రత్త ఉంది. "రేర్లీ", "సెల్డమ్" అనే మాటలకు నిఘంటువు అర్థం "అరుదుగా". "అరుదుగా వస్తాడు" అంటే క్రియ పాజిటివ్ అయిపోయి మన పరీక్ష తప్పుతుంది. ఆ అనువాదం పుస్తకాల తెలుగు. ఇంట్లో మాట్లాడేటప్పుడు "ఎప్పుడో గాని రాడు" అంటాం. ఈ "గాని" గుర్తుపెట్టుకోండి, ఇది ఈ రోజంతా మనకు పనికొస్తుంది. "హార్డ్లీ ఎనీవన్ కేమ్" అంటే "దాదాపు ఎవరూ రాలేదు". "హి కెన్ బేర్లీ వాక్" అంటే "సరిగ్గా నడవలేడు". అన్నిట్లోనూ క్రియ చివర నెగటివే. కాబట్టి ట్యాగులన్నీ పాజిటివే: "డిడ్ దే?", "కెన్ హి?"

"ఫ్యూ", "ఎ ఫ్యూ" దగ్గర ఈ పరీక్ష ఇంకా తేటగా పని చేస్తుంది. "ఫ్యూ పీపుల్ నో దిస్" అంటే "ఇది ఎక్కువమందికి తెలియదు". ట్యాగ్ "డు దే?" "ఎ ఫ్యూ పీపుల్ నో దిస్" అంటే "ఇది కొంతమందికి తెలుసు". ట్యాగ్ "డోంట్ దే?" ఒక్క "ఎ" వల్ల తెలుగు క్రియ మారిపోయింది, దాంతోపాటు ట్యాగూ మారింది. "లిటిల్", "ఎ లిటిల్" కూడా అంతే.

ఇక సహాయక క్రియ సంగతి. తిరగేయడానికి ఏ మాటను పట్టుకోవాలి? వాక్యంలో "ఈజ్", "వాజ్", "హాజ్", "హాడ్", "విల్", "షుడ్" లాంటిది ఉంటే దాన్నే. ఏదీ లేకపోతే "డు", "డజ్", "డిడ్" తెచ్చుకోవాలి, అప్పుడు అసలు క్రియ తన మూల రూపానికి తిరిగిపోవాలి. "విజిట్స్"లోని "స్" ఎక్కడికి పోయింది? "డజ్"లోకి పోయింది. "కేమ్"లోని భూతకాలం "డిడ్"లోకి పోతుంది. అందుకే "నెవర్ డిడ్ హి కేమ్" తప్పు, కాలాన్ని రెండు చోట్ల చూపించినట్లవుతుంది. పేపర్లు దిద్దేటప్పుడు ఇన్వర్షన్ సరిగ్గా చేసి కూడా మార్కు పోగొట్టుకున్న జవాబుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

సహాయక క్రియలు రెండు మూడు ఉంటే మొదటిది ఒక్కటే కదులుతుంది. "హి షుడ్ నెవర్ హావ్ బీన్ సెంట్." ఇందులో "షుడ్", "హావ్", "బీన్" వరుసగా ఉన్నాయి. "నెవర్"ని ముందుకు తెస్తే "నెవర్ షుడ్ హి హావ్ బీన్ సెంట్". "నెవర్ షుడ్ హావ్ హి బీన్ సెంట్" కాదు. అనుమానం వస్తే దాని ట్యాగ్ మనసులో చెప్పుకోండి. ట్యాగ్ "షుడ్ హి?" కదా. ఇన్వర్షన్‌లో "నెవర్" పక్కన వచ్చేది సరిగ్గా ఆ రెండు మాటలే. ట్యాగులు బాగా వచ్చినవాళ్లకు ఇన్వర్షన్ సగం వచ్చినట్లే.

ఇప్పుడు అసలైన చిక్కు. నెగటివ్ మాట ముందుకు వచ్చింది, సరే. వాక్యంలో రెండు క్రియలున్నాయి. ఏ క్రియ దగ్గర తిరగేయాలి?

"నాట్ అంటిల్ హి స్పోక్ డిడ్ ఐ అండర్‌స్టాండ్." చాలామంది దీన్ని "నాట్ అంటిల్ డిడ్ హి స్పీక్ ఐ అండర్‌స్టుడ్" అని రాస్తారు. "నాట్ అంటిల్" కనపడగానే దాని పక్కనున్న క్రియను తిప్పేస్తారు. వాళ్లు రూల్ మరచిపోయి తప్పు చేయట్లేదు, రూల్ గుర్తుండే తప్పు చేస్తున్నారు. "నెగటివ్ మాట తర్వాత ఇన్వర్షన్" అనే రూల్లో ఏ క్రియకు అన్నది లేదు.

ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పండి. "అతను మాట్లాడేదాకా నాకు అర్థం కాలేదు." నెగటివ్ ఏ క్రియ మీద పడింది? మాట్లాడడం మీద కాదు, అర్థం కావడం మీద. అర్థం కాలేదు. ఇంగ్లిష్‌లో తిరగేత కూడా అక్కడే, "డిడ్ ఐ అండర్‌స్టాండ్" దగ్గర.

"ఓన్లీ ఆఫ్టర్ హి లెఫ్ట్ డిడ్ ఐ సీ ద లెటర్." ఇక్కడ నెగటివ్ మాటే లేదు కదా, "ఓన్లీ" అంటే "మాత్రమే" కదా అని అనుకుంటాం. మళ్లీ మన "గాని"తో చెప్పి చూడండి. "అతను వెళ్లాక గాని నేను ఉత్తరం చూడలేదు." వచ్చేసింది నెగటివ్. అదీ రెండో క్రియ మీద, "చూడలేదు" అని. తిరగేతా అక్కడే. "ఓన్లీ వెన్", "ఓన్లీ బై", "ఓన్లీ దెన్" అన్నీ ఇలాగే "గాని"కి లొంగుతాయి. "ఓన్లీ దెన్ డిడ్ షి అగ్రీ" అంటే "అప్పుడు గాని ఆమె ఒప్పుకోలేదు".

ఇప్పుడు దీనికి ఎదురుగా ఉండే జత చూద్దాం. "నో సూనర్ హాడ్ హి క్లోజ్డ్ ద డోర్ దాన్ ద ఫోన్ రాంగ్." తెలుగులో ఎలా అంటాం? "అతను తలుపు వేశాడో లేదో, ఫోన్ మోగింది." ఈ "వేశాడో లేదో" అన్నది ఎంత చక్కని మాటో చూడండి. "లేదు" అనేది ఎక్కడుంది? మొదటి క్రియ పక్కన. ఫోన్ మోగడం మీద నెగటివ్ లేదు, అది హాయిగా మోగింది. కాబట్టి ఇంగ్లిష్‌లో తిరగేత మొదటి భాగంలో, "హాడ్ హి క్లోజ్డ్" దగ్గర. రెండో భాగం మామూలు వరుసలో, "ద ఫోన్ రాంగ్". "దాన్ డిడ్ ద ఫోన్ రింగ్" అని రెండో భాగాన్ని కూడా తిప్పేవాళ్లున్నారు. "ఫోన్ మోగింది" అనే మాటలో నెగటివ్ లేదని ఒక్కసారి చూసుకుంటే ఆ తప్పు జరగదు.

"హార్డ్లీ హాడ్ హి క్లోజ్డ్ ద డోర్ వెన్ ద ఫోన్ రాంగ్" కూడా "వేశాడో లేదో"నే. "స్కేర్స్‌లీ"తోనూ అంతే. తేడా కలిపే మాటలో ఉంది. "నో సూనర్" వెంట "దాన్" వస్తుంది, "హార్డ్లీ", "స్కేర్స్‌లీ" వెంట "వెన్" వస్తుంది. ఎందుకంటే "సూనర్" అనేది "సూన్"కి పోలిక రూపం. "బెటర్ దాన్", "టాలర్ దాన్" లాగే "సూనర్ దాన్". "హార్డ్లీ"లో పోలిక లేదు కాబట్టి దానికి "దాన్" కుదరదు. ఈ కారణం తెలిస్తే "నో సూనర్... వెన్" అని చేతికి రాదు. వాడుకలో "నో సూనర్ డిడ్ హి క్లోజ్" అనే రూపం కూడా కనిపిస్తుంది. దాన్ని తప్పని నేను అనను. కానీ పేపర్లో "హాడ్"తో పాటు క్రియ మూడో రూపం రాయడమే క్షేమం. రెండు పనుల్లో ముందు జరిగినదాన్ని అది స్పష్టంగా చూపిస్తుంది.

"నాట్ ఓన్లీ"కి కూడా ఇదే. "నాట్ ఓన్లీ డిడ్ హి కమ్ లేట్, బట్ హి ఆల్సో ఫర్‌గాట్ ద కీస్." "ఆలస్యంగా రావడమే కాదు, తాళాలు కూడా మరచిపోయాడు." "కాదు" మొదటి భాగంలో ఉంది, తిరగేత మొదటి భాగంలోనే. రెండో భాగంలో "మరచిపోయాడు" పాజిటివ్, కాబట్టి "హి ఆల్సో ఫర్‌గాట్" అని మామూలుగానే ఉంటుంది.

అంటే నెగటివ్ ఉందా లేదా అన్నదే కాదు, ఏ క్రియ దగ్గర ఉందో కూడా తెలుగు చెప్పేస్తోంది. "గాని... లేదు" అని వస్తే రెండో క్రియ, "...ఓ లేదో" అని వస్తే మొదటి క్రియ. నన్నడిగితే ఇన్వర్షన్ మాటల పట్టికలు పేజీల కొద్దీ చదవడం కన్నా ఈ రెండు తెలుగు పలుకుబళ్లు చేతిలో ఉంచుకోవడం మేలు.

కొంచెం దగ్గరగా చూడవలసిన జత ఒకటి ఉంది. రెండు వాక్యాలూ ఒకే మాటలతో మొదలవుతాయి.

మొదటిది: "విత్ నో టీచర్ విల్ హి స్టడీ." రెండోది: "విత్ నో టీచర్, హి విల్ స్టడీ."

మాటలు అవే. వరుస మారింది, అర్థం తలకిందులైంది. మొదటిదానికి అర్థం, ఏ టీచర్ దగ్గరా అతను చదవడు. రెండోదానికి, టీచర్ లేకపోయినా అతను చదువుతాడు. మొదటిదానిలో "నో" అనే నెగటివ్ తన చోటు దాటి వెళ్లి మొత్తం వాక్యాన్ని కమ్మేసింది, క్రియ "చదవడు" అయింది. రెండోదానిలో ఆ "నో" తన పక్కనున్న టీచర్‌ని మాత్రమే లేకుండా చేసి అక్కడే ఆగిపోయింది, క్రియ "చదువుతాడు"గానే ఉంది. ఇప్పుడు ట్యాగులు పెట్టండి. మామూలు వరుసలో "హి విల్ స్టడీ విత్ నో టీచర్" అని రాసి ట్యాగ్ అడిగితే, "చదవడు" అనే అర్థానికి "విల్ హి?" వస్తుంది, "చదువుతాడు" అనే అర్థానికి "వోంట్ హి?" వస్తుంది. ఇన్వర్షన్ ఎక్కడ తప్పనిసరో పాజిటివ్ ట్యాగ్ అక్కడే వచ్చింది. రెండు అధ్యాయాలు ఒకే సంగతి చెబుతున్నాయని నేను మొదట్లో అన్నది ఇక్కడ కళ్లకు కడుతుంది.

పేపర్లో ఈ తేడాను "ఎట్ నో టైమ్", "ఇన్ నో టైమ్" రూపంలో అడగడం మామూలు. "ఎట్ నో టైమ్ డిడ్ దే టెల్ అజ్" అంటే "ఎప్పుడూ మాకు చెప్పలేదు". తిరగేయాలి. "ఇన్ నో టైమ్ దే ఫినిష్డ్ ద వర్క్" అంటే "క్షణాల్లో పని ముగించారు". "ముగించారు"లో నెగటివ్ లేదు, తిరగేయకూడదు. "నాట్ లాంగ్ ఎగో" అంటే "ఈ మధ్యనే", "నాట్ ఫార్ ఫ్రమ్ హియర్" అంటే "ఇక్కడికి దగ్గర్లోనే". వీటితో మొదలైన వాక్యాల్లో క్రియ పాజిటివే, వరుస మామూలే. "నాట్" కనపడగానే చెయ్యి తిరగేతకు పోతుంది. ఆ చేతిని ఒక్క క్షణం ఆపి క్రియను తెలుగులో పలకండి.

ఇన్వర్షన్ చేయకూడని చోటు ఇంకొకటి ఉంది. దానికి మనకు ముందే తెలిసిన ప్రశ్న రూపం సాయం చేస్తుంది. "హూ కాల్డ్ యు?" అంటే నీకు ఎవరు ఫోన్ చేశారు. "హూ డిడ్ యు కాల్?" అంటే నువ్వు ఎవరికి ఫోన్ చేశావు. ప్రశ్న మాటే కర్త అయితే "డిడ్" రాదు, ఎందుకంటే కర్త ఇప్పటికే ముందుంది, దాటాల్సినది ఏదీ లేదు. కర్మ అయితే "డిడ్" వస్తుంది. నెగటివ్ మాటలకు కూడా అచ్చంగా ఇదే లెక్క. "నాట్ ఎ సింగిల్ స్టూడెంట్ స్పోక్." ఒక్క విద్యార్థీ మాట్లాడలేదు. ఇక్కడ ముందున్నది కర్తే, తిరగేత లేదు. "నాట్ ఎ సింగిల్ వర్డ్ డిడ్ హి స్పీక్." ఒక్క మాటా మాట్లాడలేదు. ఇక్కడ ముందుకు వచ్చింది కర్మ, తిరగేయాలి. "ఓన్లీ ద టీచర్ న్యూ" అన్నా, "హార్డ్లీ ఎనీవన్ కేమ్" అన్నా కర్తే ముందుంది కాబట్టి అలాగే వదిలేయాలి. తెలుగులో రెండు చోట్లా "లేదు" ఉంటుంది, కాబట్టి ఈ తేడా తెలుగు క్రియ చెప్పదు. "ఎవరు?" అని అడిగి చూసుకోవాలి. ముందున్న మాట "ఎవరు చేశారు, ఏది చేసింది" అన్నదానికి జవాబైతే, అది కర్త.

ట్యాగ్ మాత్రం ఈ తేడాను పట్టించుకోదు. "హార్డ్లీ ఎనీవన్ కేమ్, డిడ్ దే?" అని పాజిటివ్‌గానే వస్తుంది. "నోబడీ", "ఎవ్రీవన్" లాంటి మాటలకు ట్యాగ్‌లో "దే" వాడాలి, "నథింగ్", "ఎవ్రీథింగ్"లకు "ఇట్" వాడాలి.

వాక్యం లోపల దాగిన ప్రశ్నల గురించి ఒక మాట. "టెల్ మీ వేర్ హి లివ్స్" అనే చోట "వేర్ డజ్ హి లివ్" అనకూడదని అందరికీ తెలుసు. కానీ ఇన్వర్షన్ వాక్యంలో అలాంటి ప్రశ్న ఉంటే తడబడతారు. "నెవర్ డిడ్ ఐ ఆస్క్ వేర్ హి లివ్డ్" సరైనది. "నెవర్ డిడ్ ఐ ఆస్క్ వేర్ డిడ్ హి లివ్" తప్పు. తిరగేత ఒక్కసారే, ప్రధాన క్రియ దగ్గరే.

ఇంతసేపూ తెలుగు క్రియను నమ్మమని చెప్పాను. అది ఎక్కడ మోసం చేస్తుందో కూడా చెప్పాలి, లేకపోతే పరీక్ష హాల్లో ఇబ్బంది పడతారు.

"హి ఈజ్ అన్‌హ్యాపీ." తెలుగులో సహజంగా "అతను సంతోషంగా లేడు" అంటాం. "లేడు" వచ్చింది. కానీ ఇంగ్లిష్‌లో ట్యాగ్ "ఈజ్ హి?" కాదు, "ఇజంట్ హి?" అవుతుంది. "హి డినైడ్ ఇట్" అంటే "ఒప్పుకోలేదు" అనేస్తాం, అయినా ట్యాగ్ "డిడింట్ హి?" "షి ఫెయిల్డ్ ద టెస్ట్" అంటే "పాసవ్వలేదు" అంటాం, ట్యాగ్ "డిడింట్ షి?" ఇక్కడ నెగటివ్ అర్థం మాట కడుపులో ఉంది గాని వాక్యానికి పాకలేదు. "అన్", "డిస్" లాంటివి ముందు చేరిన మాటలు, "లెస్"తో ముగిసే మాటలు, "డినై", "ఫెయిల్", "రెఫ్యూజ్", "డౌట్", "లాక్" లాంటి క్రియలు అన్నీ ఈ కోవలోవే.

ఇలాంటి చోట ఇంగ్లిష్‌లోనే ఒక తనిఖీ ఉంది. వాక్యం వెనక "ఆమె కూడా" అని చేర్చండి. "సో" కుదురుతుందా, "నైదర్" కుదురుతుందా చూడండి. "హి ఈజ్ అన్‌హ్యాపీ, అండ్ సో ఈజ్ షి." "సో" కుదిరింది కాబట్టి వాక్యం పాజిటివ్, ట్యాగ్ నెగటివ్. "హి రేర్లీ స్మైల్స్, అండ్ నైదర్ డజ్ షి." "నైదర్" కుదిరింది కాబట్టి వాక్యం నెగటివ్, ట్యాగ్ పాజిటివ్, ముందుకు తెస్తే తిరగేత: "రేర్లీ డజ్ హి స్మైల్". మాట కొత్తగా ఉండి తెలుగు అర్థం వెంటనే తట్టకపోయినా ఈ తనిఖీ పని చేస్తుంది.

రెండో మోసం "ఓన్లీ" దగ్గర. ముందుకు తెస్తే తిరగేత తప్పనిసరి అని చూశాం. కానీ ట్యాగ్ విషయంలో అది నెగటివ్‌గా లెక్కకు రాదు. "హి ఓన్లీ కేమ్ యెస్టర్‌డే, డిడింట్ హి?" అనే రాయాలి. "నిన్న గాని రాలేదు" అన్న తెలుగును నమ్మి "డిడ్ హి?" అని రాస్తే తప్పు. కాబట్టి ట్యాగ్‌కూ ఇన్వర్షన్‌కూ మధ్య నేను చూపించిన చుట్టరికం "ఓన్లీ" దగ్గర తెగిపోతుంది. "నాట్ ఓన్లీ"ని కూడా ట్యాగ్ లెక్కలోకి లాగకండి.

మూడోది "ఐ థింక్" వాక్యాలు. "ఐ డోంట్ థింక్ హి ఈజ్ ఆనెస్ట్." ట్యాగ్ "డు ఐ?" కాదు. చెప్పేవాడి మనసులోని మాట "అతను నిజాయితీపరుడు కాడనుకుంటా" అని కదా. నెగటివ్ పైకి "థింక్" మీద కనపడుతున్నా నిజానికి లోపలి వాక్యానిది. కాబట్టి ట్యాగ్ "ఈజ్ హి?" ఇది "నేను" అన్నప్పుడే. "షి డజంట్ థింక్ హి ఈజ్ ఆనెస్ట్" అంటే ఆమె అభిప్రాయాన్ని మనం చెబుతున్నాం, అప్పుడు ట్యాగ్ "డజ్ షి?"

మిగిలిన ట్యాగులు త్వరగా అనుకుందాం, వాటిలో తర్కం తక్కువ, అలవాటు ఎక్కువ. "లెట్స్ గో"కి "షల్ వీ?", "ఐ యామ్ లేట్"కి "ఆరంట్ ఐ?", "ఓపెన్ ద డోర్"కి "విల్ యు?" చాలు. ఒక్క చోట మాత్రం ఆగాలి. రాసేటప్పుడు కర్తకు అపాస్ట్రఫీతో కలిపిన "డి", "ఎస్"లు విడదీసి చూడాలి. "యు'డ్ బెటర్ గో"లోని "డి" అసలు "హాడ్", ట్యాగ్ "హాడంట్ యు?" "యు'డ్ రాదర్ స్టే"లోని "డి" అసలు "వుడ్", ట్యాగ్ "వుడంట్ యు?" "హి'జ్ టయర్డ్"లో "ఈజ్" ఉంది, "హి'జ్ ఫినిష్డ్ ద వర్క్"లో "హాజ్" ఉంది. మన "కదా" అన్నిటికీ ఒకటే కాబట్టి, అన్నిటికీ "ఇజంట్ ఇట్" తగిలించడం మన నాలుకకు సులువు. అందుకే ట్యాగ్ రాసే ముందు సహాయక క్రియను వేలితో చూపించుకోవాలి.

చివరగా ఒక ప్రశ్నను మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. కేంబ్రిడ్జ్ సి1 అడ్వాన్స్‌డ్ పరీక్షలో యూజ్ ఆఫ్ ఇంగ్లిష్ నాలుగో భాగం ఉంటుంది. అందులో 6 ప్రశ్నలు. ఒక వాక్యం ఇస్తారు, ఒక కీలక పదం ఇస్తారు, ఖాళీ ఉన్న రెండో వాక్యం ఇస్తారు. కీలక పదాన్ని ఏమాత్రం మార్చకుండా, దానితో కలిపి 3 నుంచి 6 మాటల్లో ఖాళీ నింపాలి, అర్థం మారకూడదు. ఒక్కో ప్రశ్నకు 2 మార్కుల దాకా ఉంటాయి. సగం సరిగ్గా ఉంటే 1 మార్కు దక్కే అవకాశం ఉంది, అందుకే ఖాళీని ఎప్పుడూ వదిలేయకూడదు.

ఆ పద్ధతిలోనే ఒకటి తయారుచేశాను. ఇచ్చిన వాక్యం: "దే డిడింట్ టెల్ అజ్ అబౌట్ ద చేంజ్ బిఫోర్ ద లాస్ట్ డే." కీలక పదం "అంటిల్". రెండో వాక్యం "నాట్" తో మొదలై ఖాళీ, ఆ తర్వాత "టెల్ అజ్ అబౌట్ ద చేంజ్".

మొదట తెలుగు. "ఆఖరి రోజుదాకా మార్పు గురించి మాకు చెప్పలేదు." క్రియ ఒక్కటే, నెగటివ్ దాని మీదే పడింది. వాక్యం "నాట్"తో మొదలైంది, ముందుకు వచ్చింది కర్త కాదు, కాలం చెప్పే మాట. కాబట్టి తిరగేత తప్పదు. సహాయక క్రియ ఏది? మొదటి వాక్యంలో "డిడింట్" ఉంది. "నాట్" ఇప్పటికే ముందుకు వెళ్లిపోయింది కాబట్టి మిగిలింది "డిడ్". కర్త "దే". ఖాళీ తర్వాత ఏముందో చూడండి: "టెల్", మూల రూపం. దాని ముందు "డిడ్ దే" రావాలని ప్రశ్నే చెబుతోంది. "టోల్డ్" అని ఉంటే మనం ఆగి ఆలోచించాల్సి వచ్చేది. ఖాళీకి అటూ ఇటూ ఉన్న మాటలను చదవకుండా జవాబు రాయకండి, సగం సూచనలు అక్కడే ఉంటాయి.

జవాబు: "అంటిల్ ద లాస్ట్ డే డిడ్ దే". లెక్కపెట్టండి. అంటిల్, ద, లాస్ట్, డే, డిడ్, దే. సరిగ్గా 6. హద్దులో ఉంది.

ఇక్కడ వచ్చే తప్పులు కూడా చూడండి. "అంటిల్ ద లాస్ట్ డే దే డిడ్" అంటే మాటలన్నీ ఉన్నాయి, తిరగేత లేదు. "అంటిల్ ద లాస్ట్ డే దే డిడింట్" అంటే తిరగేత లేదు సరికదా, నెగటివ్ రెండు సార్లు పడింది. తెలుగులో "ఆఖరి రోజుదాకా" అన్నాక "చెప్పలేదు" ఒక్కసారే అంటాం కదా, ఇంగ్లిష్‌లో ఆ ఒక్క నెగటివ్ "నాట్"గా ఇప్పటికే ముందు కూర్చుంది. "అంటిల్ ద వెరీ లాస్ట్ డే డిడ్ దే" అని ఊపు కోసం ఒక మాట చేరిస్తే గ్రామర్ సరైనదే, కానీ లెక్క 7 అవుతుంది, హద్దు దాటుతుంది. ఖాళీలో కుదించిన రూపాలు వాడితే వాటిని విడదీసిన లెక్కనే లెక్కిస్తారు: "డిడింట్" అంటే 2 మాటలు. "కాంట్" ఒక్కటే దీనికి మినహాయింపు, "కెనాట్" కలిపి రాసే మాట కాబట్టి అది 1.

ఇంకా సందేహం ఉంటే ఆ వాక్యాన్నే మామూలు వరుసలోకి తిరిగి తెచ్చి ట్యాగ్ పెట్టి చూడండి. "దే డిడింట్ టెల్ అజ్ అంటిల్ ద లాస్ట్ డే, డిడ్ దే?" చివర వచ్చిన రెండు మాటలూ, ఖాళీలో మీరు రాసిన చివరి రెండు మాటలూ ఒకటే.

ఇక మీ ప్రశ్నలు అడగండి.